నన్ను కూడా తీసేయండి

నుమాయిష్ మొదలైందంటే మా నాంపల్లి ఆఫీసులో ఒక సర్క్యులర్ తిరగాలి: ఫిబ్రవరి 15 దాకా సాయంత్రాలు రోడ్డు మీద బండ్లు పెట్టకండి, సెల్లార్లోనే పెట్టుకోండి అని. ఈసారి అడ్మిన్ సెక్షన్ వాళ్లు ఆ నాలుగు ముక్కల్నీ ఆల్-స్టాఫ్ జాబితాకి మెయిల్ కొట్టారు. ఆ ఒక్క అడ్రసు వెనక జిల్లా శాఖలన్నీ కలిపి తొమ్మిది వందల చిల్లర మంది ఉన్నారు.

ఖమ్మంలో కూర్చున్న పెద్దమనిషికి నాంపల్లి పార్కింగుతో పనేమిటి? “దయచేసి నన్ను ఈ జాబితాలోంచి తీసేయండి” అని రిప్లై ఆల్ కొట్టారు. పావుగంటలో “నన్ను కూడా” అన్నవాళ్లు బయల్దేరారు. వాళ్ల వెనకాలే “ఎవరూ రిప్లై ఆల్ కొట్టవద్దు” అని రిప్లై ఆల్ కొట్టే ధర్మాత్ములు దిగారు. ఒకాయనైతే ఆ మాటనే ఎర్రక్షరాల్లో, కింద హోదా, లోగో, చెట్లు కాపాడండి అనే విన్నపంతో సహా పంపారు.

ఈ రోగం మనతో పుట్టింది కాదు. 1997 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్‌లోనే బెడ్లమ్ డీఎల్3 అనే జాబితా మీద అచ్చం ఇలాగే “నన్ను తీసేయండి”, “నన్ను కూడా” అనుకుని, కోటిన్నర మెయిళ్లు పోగేసి సర్వర్లను పడుకోబెట్టారు. వాళ్లకి బుద్ధి రావడానికి మరో ఇరవై మూడేళ్లు పట్టింది. ఐదు వేల మందికి మించిన జాబితా మీద గంటలో పది రిప్లై ఆల్స్ పడితే ఆ సంభాషణను నాలుగు గంటలు ఆపేసే ఏర్పాటు 2020లో తెచ్చారు. తర్వాత ఆ ఐదు వేలను వెయ్యి దాకా దించుకునే వీలు కూడా ఇచ్చారు. మేం తొమ్మిది వందల మందిమి. మా తుఫాను లెక్కలోకే రాలేదు.

సాయంత్రం స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో కూర్చుంటే టేబుల్ మీద ఫోన్ వణికినప్పుడల్లా సాసర్లో కప్పు గలగలమంటోంది. మా సిస్టమ్స్ కుర్రాడు చూసి నవ్వాడు.

“ఆ మెయిల్ మీద Ctrl+Delete కొట్టలేదా సార్?”

ఔట్‌లుక్‌లో దాని పేరు Ignore. ఆ సంభాషణలో ఉన్నవీ, ఇక రాబోయేవీ అన్నీ తిన్నగా డిలీటెడ్ ఐటమ్స్‌కి పోతాయి. జీమెయిల్లో అయితే m నొక్కితే Mute. అది చెత్తబుట్టలో వెయ్యదు, ఆర్కైవ్ చేసి ఊరుకుంటుంది. మర్నాడు పొద్దున్నే వచ్చి Ctrl+Delete కొట్టాను. హాయి! అరగంటే. “నన్ను ఎందుకు తీయలేదు??” అని ఎవరో సబ్జెక్టే మార్చి కొత్తగా ఎత్తుకున్నారు. సబ్జెక్టు మారితే ఔట్‌లుక్ లెక్కలో అది వేరే సంభాషణ. పాతదాని నోరు మూశాం గానీ దీనికి నోరుంది.

“మాటల్ని కాదు సార్, అడ్రసును పట్టుకోవాలె” అని కుర్రాడు రూల్ రాశాడు: ఆల్-స్టాఫ్ జాబితాకి వచ్చిన ప్రతి మెయిలూ ‘తుఫాను’ అనే ఫోల్డర్లోకి పోవాలి. ఎడాపెడా చెరిపేయకుండా ఫోల్డరెందుకంటే, డీఏ ఉత్తర్వు వచ్చేదీ ఆ అడ్రసుకే కదా. నా పేరు To గడిలో ఉంటే మాత్రం వదిలేయమని ఒక మినహాయింపు పెట్టాడు. పై అధికారి అదే మెయిల్లో నన్నే ఏదైనా అడిగితే కనబడాలిగా.

అసలు సరసం ఈ మినహాయింపులోనే ఉంది. ఎవరి మెయిల్‌కి రిప్లై ఆల్ కొడితే వాళ్ల పేరు To గడిలోకి చేరుతుంది. అంటే నోరు మూసుకుని కూర్చున్నవాడి ఇన్‌బాక్స్ శుభ్రం. “నన్ను తీసేయండి” అని అరిచినవాడికి మాత్రం, తన అరుపుకొచ్చిన జవాబులన్నీ రూల్ దాటుకుని మరీ చేతికందుతాయి. ఇంత న్యాయంగా శిక్ష వేసే కోర్టు పబ్లిక్ గార్డెన్స్ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

పక్క సీటావిడ రూల్ పెట్టుకున్నా రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉందట. చూస్తే మెయిళ్లను తన కంప్యూటర్లోని ఫైల్లోకి తరలించమని రాసుకున్నారు. రూల్ పక్కన client-only అని పడింది. అలాంటి రూల్ ఆ కంప్యూటర్లో ఔట్‌లుక్ తెరిచి ఉంటేనే పనిచేస్తుంది. ఆవిడ ఆరింటికి ఆఫ్ చేసి మెట్రో ఎక్కారు. సర్వర్ మీది ఫోల్డరుకి మార్చాక ఫోన్ సద్దుమణిగింది.

మూడో రోజుకి సిస్టమ్స్ వాళ్లు మొదలు నరికారు. జాబితాకి మెయిల్ పంపే హక్కు అడ్మిన్ సెక్షన్లో ఇద్దరికే ఉంచారు. మిగతావాళ్లు రిప్లై ఆల్ కొడితే జాబితాకి చేరదు, పంపినవాడికే తిరుగుటపాలో వస్తుంది. ఆ సంగతి తెలియజేస్తూ అడ్మిన్ వాళ్లే జాబితాకి మెయిల్ పెట్టారు. చివర్లో అలవాటు కొద్దీ ఒక వాక్యం: “ఇది అందినట్టు సిబ్బంది అందరూ తప్పక జవాబు ఇవ్వవలెను.”

సిబ్బంది క్రమశిక్షణ కలవారు. ఒక్కరు తప్పకుండా రిప్లై ఆలే కొట్టారు. ఎవరిది వాళ్లకే తిరిగొచ్చింది. పదకొండింటి నుంచి సిస్టమ్స్ వాళ్ల ల్యాండ్‌లైన్ ఎంగేజే.