ఆషాఢంలో కొలత, శ్రావణంలో ఘనత

ఆ 225 శాతం పోస్టరు మీరూ చూసే ఉంటారు. కేటరింగ్ ఓనరు గారు చేతులు కట్టుకుని నవ్వుతుంటారు, పక్కన ఆయన ముఖమంత అంకె. ఈమధ్య యాప్‌లు చేసిపెట్టే ప్రతి కంపెనీకీ ఇలాంటి కేస్ స్టడీ ఒకటి ఉండి తీరాలి. ఆఖరి బిల్లు వసూలయ్యాక క్లయింటుని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేస్తారు. అంకెలు పుట్టేది అక్కడే. ఆ పురుడు చూసే భాగ్యం నాకూ దక్కింది.

“బుకింగ్ యాప్ వచ్చాక మీ పని సగానికి సగం తగ్గినట్టేనా సార్?”

“ఆఁ, తగ్గే ఉంటుందిలే బాబూ.”

“అయితే 50 శాతం అని రాసుకుంటున్నా సార్.”

ఆ పనికి ఇదివరకు ఎంతసేపు పట్టేదో ఎవరూ కొలవలేదు, ఇప్పుడెంత పడుతోందో కూడా కొలవలేదు. తెలియని దాంట్లోంచి తెలియనిది తీసేస్తే కచ్చితంగా 50 వచ్చింది. రామానుజన్‌కి కూడా ఈ కిటుకు తట్టలేదు.

ఇక 225 సంగతి. యాప్ పెట్టకముందు నెలలో 4 ఆర్డర్లు, పెట్టిన నెలలో 13. తొమ్మిది పెరిగాయి, నాలుగుతో భాగిస్తే 225 శాతం. లెక్క తప్పు కాదు. కాకపోతే ముందు నెల ఆషాఢం, తర్వాతది శ్రావణం. ముహూర్తాలు పెట్టింది పురోహితుడు, పేరు కొట్టేసింది యాప్.

ఈ లెక్కన పుష్యమాసంలో వంటశాల గోడకి క్యాలెండరు తగిలించి మాఘంలో కొలవండి, ఆర్డర్లు పెరక్కపోతే అడగండి. మేకు కొట్టిన కుర్రాడికి కూడా ఓ పోస్టరు వెయ్యొచ్చు. అయినా నాలుగు ఆర్డర్ల మీద వృద్ధి ఎంతసేపు? ఓనరు బామ్మర్ది ఒక్క పుట్టినరోజు విందు చెబితే 25 శాతం!

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, నిజం ఆ గదిలోనే ఉంది. గుమాస్తా బల్ల మీద ఆర్డర్ల పుస్తకం ఉంది. తిరగేస్తే నిరుడు శ్రావణంలో 12. అంటే పెరిగింది ఒక్కటి, 8 శాతం. ఆ ఒక్కటైనా యాప్ చూసి వచ్చిందో, పాత చుట్టరికంతో వచ్చిందో ఆర్డరిచ్చిన మనిషిని అడిగితేగానీ తెలియదు.

గుమాస్తాని ఎవరూ పలకరించలేదు. “జనం ఫోన్లోనే చెబుతున్నారండీ. పుస్తకంలో రాసుకుని రాత్రి మళ్లీ యాప్‌లో ఎక్కిస్తున్నా” అన్నాడు నాతో. పని సగమైందని రాసింది ఇతని గురించే. మిగిలిన గంటల్ని ఇతని జీతంతో గుణించి ‘ఆదా’ అని కూడా వేశారు. జీతం ఖర్చు మాత్రం ఎప్పటిలాగే ఉంది. యాప్ నచ్చని క్లయింట్లనయితే ఇంటర్వ్యూకే పిలవరు.

ఇది ప్రచారం కాదు, మోసం. ఆ అంకె చూసి ఇంకో ఊళ్లో ఇంకో వంటాయన అప్పు చేసి యాప్ కొంటాడు. యాప్ కంపెనీల వారూ, పని మొదలుపెట్టే రోజే గడిచిన ఏడాది ఆర్డర్లు పుస్తకంలోంచి రాసుకోండి. శ్రావణాన్ని శ్రావణంతోనే పోల్చండి. శాతం పక్కన అసలు అంకెలూ వెయ్యండి. 8 వస్తే 8 అనే చెప్పండి. అది చెప్పుకోవడానికి సిగ్గయితే నోరు మూసుకోండి.