ఆలు లేదు, చూలు లేదు, అమ్మకాలు 40 శాతం పెరిగాయి

మా ప్యాకేజింగ్ స్టూడియోకి ఒక జూనియర్ డిజైనర్ కావాలని నలుగురికీ చెప్పాను. వారం తిరిగేసరికి నా ముందు ఏడు కాఫీ షాపులు వెలిశాయి. మన విజయవాడలో ఇన్ని ఎప్పుడు పెట్టారా అని ఆరా తీస్తే ఒక్కటీ లేదు. అన్నీ కుర్రాళ్ల పోర్ట్‌ఫోలియోల్లోనే ఉన్నాయి. ఏడింటి కప్పులూ ఒకే పాలరాతి బల్ల మీద నిలబడ్డాయి. ఏడింటి మీదా ఒకే ఆకు నీడ ఒకే వాలుగా పడుతోంది. ఉచితంగా దొరికే మాకప్ ఫైలు ఒకటే కాబట్టి, ఏడుగురి సృజనకీ ఒకే కిటికీ.

డబ్బిచ్చే క్లయింటు దొరకనప్పుడు నమూనా పనులు చేసి చూపించుకోవడం తప్పేం కాదు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నా ఫిర్యాదంతా వీళ్లు ఊహించుకున్న ఆ క్లయింటు మీదే. ఎంత ఉత్తముడండీ ఆయన! బేరమాడడు. లోగో ఇంకాస్త పెద్దది చెయ్యమనడు. తన బావమరిది ఫొటో పెట్టమనడు. మొదటి డిజైనే చూసి మురిసిపోతాడు. ఇలాంటి మనిషిని నా ఇరవై ఏళ్ల వృత్తిలో ఒక్కరోజు కూడా చూడలేదు.

ఒక కుర్రాడైతే ఇంకో మెట్టెక్కాడు. చివరి పేజీలో 'ఫలితం' అని శీర్షిక పెట్టి, కొత్త డిజైన్ తర్వాత అమ్మకాలు 40 శాతం పెరిగాయని రాశాడు. లేని కొట్టులో లేని కాఫీ అమ్మకాలు 40 శాతం పెరిగితే ఎంతవుతాయో లెక్క కట్టి చూశాను. సున్నాయే వచ్చింది. కింద యజమాని ప్రశంస కూడా ఉంది, నవ్వు మొహం ఫొటోతో సహా. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరుకున్నారు. ఈ సోమలింగం అప్పుడే డిగ్రీ కూడా పాసయ్యాడు.

"బాబూ, ఈ కప్పు విప్పితే కాగితం ఏ ఆకారంలో ఉంటుంది?" అని అడిగాను.

"దీర్ఘచతురస్రం సార్."

పేపర్ కప్పు పైన వెడల్పు, కింద సన్నం. విప్పి పరిస్తే విసనకర్ర ముక్కలా వంపు తిరిగి ఉంటుంది. దాని మీద తిన్నగా గీసిన గీత, కప్పు చుట్టేసరికి వంకరవుతుంది. అందుకే అక్షరాలనూ ఆ వంపు వెంటే నడిపించాలి. మాకప్ ఫైలు ఈ బాధంతా తనే పడి, అతుకు కనపడకుండా కప్పును తిప్పి పెడుతుంది. కుర్రాడు చూపించింది వాడి పని కాదు, ఆ ఫైలు చేసినవాడి పని.

"ఇంటికెళ్లి మీ అమ్మగారి పచ్చడి సీసా ఒకటి తీసుకో. రెండు వందల సీసాలకి లేబుల్ కావాలి, ఒక్కోదానికి ఐదు రూపాయలు మించకూడదు, పచ్చడి పండుమిర్చి. క్లయింటు మీ అమ్మగారే," అని చెప్పి పంపించాను.

పది రోజులకి వచ్చాడు. మనిషి కొంచెం చిక్కాడు. మొదటి దెబ్బ టేపు దగ్గరే తగిలిందట. సీసా అడ్డకొలత 7 సెంటీమీటర్లు, చుట్టుకొలత 22. అంచు మీద అంచు ఎక్కాలని లేబుల్ 23 సెంటీమీటర్ల పొడవు, 6 ఎత్తు పెట్టాడు. కటింగ్‌లో తెల్ల అంచు కనపడకుండా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు రంగు వదిలాడు. తీరా 12 బై 18 అంగుళాల స్టిక్కర్ షీటు మీద పరిస్తే, అంచుల్లో ప్రింటు పడని జాగా పోను, ఎటు తిప్పినా ఆరుకి మించి పట్టలేదు. ప్రింటు షీటుకి నలభై రూపాయలనుకుంటే లేబుల్‌కి ఆరున్నర దాటిపోయింది. అంచులు కలవకపోతే కొంపేం మునగదని పొడవు 21కి తగ్గించాడు. ఎనిమిది పట్టాయి. లేబుల్ సరిగ్గా ఐదు రూపాయలు. ఆ ఒక్క సెంటీమీటరు ఖాళీలోంచి లోపలి పచ్చడి కనపడటం లాభం.

రెండో దెబ్బ తెలుగు కొట్టింది. సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషలకి వేరే సెట్టింగు ఉంటుందని తెలియక పేరు టైపు చేస్తే, 'పచ్చడి' కాస్తా 'పచ్‌చడి' అయి కూర్చుంది. వత్తు ఊడి పక్కన పడింది. వాడు గమనించలేదు, వాళ్లమ్మ గమనించింది. "ఇదేంట్రా, నోట్లో పన్ను రాలినట్టు!" అందట. పాలరాతి బల్ల మీది యజమాని ఈ మాట ఎన్నడైనా అన్నాడా?

అమ్మ అక్కడితో ఆగలేదు. బొమ్మలోది మిరపకాయలా లేదు, టమాటాలా ఉందంది. కళ్లజోడు లేకుండా తేదీ చదవలేక, ఎప్పుడు పెట్టిన పచ్చడో కనపడకపోతే ఎవరు కొంటారని దులిపేసింది. సీసా ఎదురుగా పెట్టుకుంటే చుట్టుకొలతలో సుమారు 7 సెంటీమీటర్లే హాయిగా చదవగలం. కాబట్టి 'పండుమిర్చి' ఒక వరుస, 'పచ్చడి' ఒక వరుస అయ్యాయి. శాకాహార గుర్తు, ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క, ముందు వైపుకి వచ్చింది. బరువు ఎక్కువున్నది ముందు వచ్చేలా దినుసుల జాబితా, నికర బరువు, తయారీ తేదీ, అన్ని పన్నులతో కలిపి ధర, తయారీదారు చిరునామా, అన్నీ వాటి చోట్లు అడిగాయి. బంగారు తీగల అల్లిక కోసం ఉంచుకున్న జాగా అంతా వీటికే పోయింది. డిజైనంటే అదే మరి.

ఆహార లైసెన్సు నంబరు దగ్గర 14 అంకెలకి ఖాళీ గళ్లు వదిలి, పక్కన 'నమూనా' అని రాశాడు. ఏవో అంకెలు కొట్టి ఉంటే అది నిజంగా ఎవరి నంబరో అయి ఉండొచ్చు. అమ్మకాల శాతం కల్పించినవాడికి ఈపాటి భయం కలిగిందంటే సీసా పనిచేసినట్టే.

ఇక అసలు పరీక్ష వంటింట్లో. మామూలు కాగితం స్టిక్కరు, పైన పల్చటి ప్లాస్టిక్ పొర వేసిన స్టిక్కరు చెరో సీసాకి అంటించి, నూనె చేత్తో రెండు రోజులు వాడమని అమ్మకిచ్చాడు. కాగితం స్టిక్కరు మీద వేలిముద్రలు పడి, మూడో నాటికి లేబుల్ కన్నా పచ్చడే ఎక్కువ కనపడింది. పొర వేసినదాని మీద మరక గుడ్డతో తుడిస్తే పోయింది. కానీ పొరకి అదనపు ఖర్చు, ఐదు రూపాయల గీత దాటింది. దాటిన సంగతి దాచకుండా, రెండు ధరలూ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టాడు.

ఇప్పుడు వాడి పోర్ట్‌ఫోలియోలో ఆ పనికి నాలుగు ఫొటోలున్నాయి. టేపు చుట్టిన సీసా, వత్తు ఊడిన మొదటి లేబుల్, నూనె మరక, చివరి లేబుల్. పైన 'నమూనా పని, డబ్బిచ్చే క్లయింటు లేరు' అని ఉంది. పాలరాయి లేదు, ఆకు నీడ లేదు. వంటగట్టు గచ్చు, మూలన సగం కోసిన ఉల్లిపాయ ఉన్నాయి.

"21 సెంటీమీటర్లే ఎందుకు?" అన్నాను, తెలియనట్టు. షీటు లెక్క గడగడా చెప్పాడు. వచ్చే నెల నుంచి రమ్మన్నాను. ఆ 40 శాతం సంగతేంటని అడిగితే సిగ్గుపడుతూ తీసేశానన్నాడు.

మరి ఈసారి ఫలితం ఏం రాశావంటే చూపించాడు. ఒకటే వాక్యం: "ఇంకా అమ్మలేదు. అమ్మ మిరపకాయ బొమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు."