చూడకముందే అడగమన్న ఈఈ గారికి

శ్రీయుత ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారి సముఖానికి ఒక చిన్న కాంట్రాక్టరు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

గోదావరి గట్టు మీది పంపుహౌసులో పాత పంపులు తీసి కొత్తవి బిగించే పనికి తమరు పెట్టిన ప్రీ బిడ్ మీటింగ్ నోటీసు అందింది. కళ్లకద్దుకుని చదివాను. తేదీలు చూసి మళ్లీ చదివాను. సందేహాలు రాసి పంపడానికి గడువు 12వ తేదీ సాయంత్రం 5 గంటలు. సైటు చూడనిచ్చేది 14వ తేదీ ఉదయం 10 నుంచి 11 వరకు. మీటింగు అదే రోజు 11.30కి, ఊళ్లో మీ ఆఫీసులో. మీటింగులో నోటితో అడిగినవి లెక్కలోకి రావని కింద లావుపాటి అక్షరాల్లో వేయించారు. పిల్లను చూపించకముందే అభ్యంతరాలుంటే రాసిమ్మన్నట్టుంది సార్.

ఏం రాయమంటారు? షెడ్యూలులో ఆ పనంతా ఒకే ఒక్క ఐటం: పాత వర్టికల్ టర్బైన్ పంపులు విప్పి, కొత్తవి దించి, బిగించి, నడిపి చూపించుట, లంప్‌సమ్. మా లాభమైనా నష్టమైనా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. నేల మీద కనబడేది మోటారు మాత్రమే. దాని కింద బావిలోకి కాలం పైపులు ఒకదానికొకటి బిగించి ఉంటాయి. వాటిని పైకి లాగుతూ, ఒక్కో ముక్కనూ క్లాంపుతో పట్టి నిలిపి, విప్పుకుంటూ రావాలి. లాగడానికి పైన దూలం ఉందా? ఉంటే తుప్పు తినగా ఎంత మిగిలింది? దూలానికీ నేలకీ మధ్య ఒక పైపు ముక్క నిలువుగా లేచేంత ఎత్తు ఉందా? ఎత్తు చాలకపోతే కప్పు రేకులు విప్పి బయటి నుంచి క్రేను పెట్టాలి. క్రేను రావాలంటే గట్టు రోడ్డు మీది తూము దాని బరువు మోయాలి. ఇవి టేపు పట్టుకుని కొలిస్తే తేలే సంగతులు, ఇంట్లో కూర్చుని డ్రాయింగు చూస్తే తేలేవి కావు. ఆ డ్రాయింగైనా ఇవ్వలేదనుకోండి, అది వేరే కథ.

క్రేను కావాలనుకుని రేటు వేస్తే నా టెండరు ఎక్సెస్‌లోకి పోతుంది. 5 శాతం దాటిందంటే మీరే పక్కన పడేస్తారు. అక్కర్లేదనుకుని వేస్తే పని నాకే వస్తుంది, తీరా కప్పు విప్పాల్సి వస్తే ఖర్చూ నా నెత్తినే. ఎక్స్‌ట్రా ఐటం అని ఫైలు పెడితే మీరు చూపించే క్లాజు నాకు కంఠోపాఠం: టెండరుదారుడు సైటును స్వయంగా పరిశీలించి, అన్ని పరిస్థితులూ తెలుసుకునే రేటు వేసినట్టు భావించబడును. భావించండి, కాదనను. కానీ పరిశీలించాక పుట్టిన సందేహం ఎక్కడ పెట్టుకోను? గడువు రెండు రోజుల ముందే మూసేశారు కదా!

ప్రస్తుతం ఆ పంపుహౌసు మెయింటెనెన్సు చూస్తున్నాయనకు ఈ తిప్పలు లేవు. ఆ దూలం కింద రోజూ తిరుగుతున్నాడు. ఆయన కోసమే ఇలా పెట్టారని నేననను. అనేవాళ్ల నోళ్లు తెరిపించింది మాత్రం మీ తేదీలే.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా రెండు ముక్కలు. ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో నమోదై, డిజిటల్ సంతకం ఉన్నవాళ్లం మళ్లీ మీటింగు కోసం లెటర్‌హెడ్డూ, ఆథరైజేషనూ, ఆధార్ నకళ్లూ మెయిల్ చేయాలట, మనిషికి పాసు ఇవ్వడానికట. సరే, చేస్తాం. స్కాన్ చేసిన నోటీసులో సరిగ్గా ఆ మెయిల్ ఐడీ మీదే ఆఫీసు సీలు పడింది. చివరిది సున్నానో ఓ అక్షరమో తెలియక రెండింటికీ పంపాను. గేటు పాసు ఏఈ గారు ఇస్తారన్నారు, ఆయన నంబరు లేదు.

కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017 కూడా ప్రీ బిడ్ మీటింగు బిడ్లు తెరిచే తేదీకి తగినంత ముందే ఉండాలంటాయి. అడిగి, జవాబు విని, రేటు సరిచూసుకునే వ్యవధి కోసమేగా అది? ఆ రూల్సు మీకు వర్తించవంటారేమో. ఇంగితం వర్తిస్తుంది కదండీ.

కోపంలో ఏమైనా అని ఉంటే మన్నించండి సార్. పెద్ద పనేమీ అడగడం లేదు, రెండు వాక్యాల కొరిజెండం చాలు. సందేహాల గడువు 18వ తేదీకి జరపండి. జవాబులు, అడిగినవాళ్ల పేర్లు లేకుండా, అందరికీ కనబడేలా పోర్టల్లో పెట్టించండి. బిడ్లు వేసే ఆఖరి రోజు రాత్రి కాకుండా కాస్త ముందుగా పెడితే రేటు మార్చుకోగలం. 18 కుదరదంటే 16 అయినా ఇవ్వండి, ఒక్క రాత్రి కూర్చుని రాసుకుంటాం. 14న గేటు మాత్రం పదింటికే తీయించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక క్లాస్-3 కాంట్రాక్టరు