విధిగా హాజరు కాగలరు

జగిత్యాల మామిడి రైతుల్లో వెతకండి, సిరిసిల్ల మరమగ్గాల వాళ్లలో వెతకండి, అతిథిని పిలవడం రాని మనిషి దొరుకుతాడు. మాకు దొరికినాయన కోరుట్ల పక్క ఊళ్లో సహకార సంఘం కార్యదర్శి. సంఘం పేరు చెప్పను. చెబితే నన్నూ మీటింగుకు పిలుస్తాడు.

ఆయన లెక్కలో ఆహ్వానమంటే పొగడ్త. పోయినేడు సెప్టెంబరులో పసుపుకు దుంపకుళ్లు తగిలింది. పొలాస పరిశోధన స్థానం నుంచి శాస్త్రవేత్తను మహాజన సభకు పిలుద్దామన్నారు. కార్యదర్శి వేరే ఉత్తరం రాయలేదు. సభ్యులకు పంపే నోటీసు పైనే "గౌరవనీయులు" అని చేర్చి, కింద "రైతు సమస్యలపై అమూల్య సందేశం" అని రాసి పంపాడు. మధ్యలో "ఉదయం 10 గంటలకు విధిగా హాజరు కాగలరు" అలాగే ఉండిపోయింది.

సారు పదికే వచ్చారు. మొదట ఆడిట్ రిపోర్టు, తర్వాత బాకీల జాబితా, ఆ తర్వాత బాకీదారుల తిట్లు. దాహమేసి సారు చెయ్యెత్తితే, కార్యదర్శి దాన్ని తీర్మానానికి అనుకూలంగా లెక్కేశాడు. ఒంటిగంటకు మైకు ఇచ్చేసరికి సారు తెచ్చుకున్నది వరి తెగుళ్ల పాఠం. "రైతు సమస్యలు" అంటే ఆయనకు మాత్రం ఏం తెలుస్తుంది?

"సారూ, మా పసుపు సంగతేంది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. నీళ్లు నిలిచిన మడిలోనే ముందు కుళ్లుతుందనీ, మొక్క పట్టి లాగితే సులువుగా ఊడొస్తే అదే గుర్తనీ, కాలువలు తీసి నీళ్లు బయటికి పంపమనీ సారు చెప్పారు. కావలసింది ఆ పది నిమిషాలే.

ఈసారి ఉత్తరం నేను కూర్చోబెట్టి రాయించాను: "ఎజెండాలో 4వ అంశం: పసుపు దుంపకుళ్లు. మీకు కేటాయించిన సమయం 11:30 నుంచి 12 వరకు. 15 నిమిషాలు వివరణ, మిగతాది రైతుల ప్రశ్నలకు. మీరు ప్రత్యేక ఆహ్వానితులు. కోరంలో, ఓటులో లెక్కరారు. ఆ అంశం కాగానే వెళ్లవచ్చు." ఒక ప్రతి సారు పై అధికారికి. రెండు రోజుల ముందు ఫోన్‌లో ఖాయం చేసుకోవడం కూడా నేర్పాను. మినిట్సులో సారు వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసుకున్నాడు.

నేర్పడం ఎక్కువైందేమో. దసరాకు తన అల్లుడికి కార్యదర్శి పంపిన ఉత్తరం వాళ్లావిడ నాకు చూపించింది:

"అంశం: దసరా. సమయం: సద్దుల బతుకమ్మ సాయంత్రం నుంచి పండుగ మర్నాడు పొద్దున 9 వరకు. హోదా: అల్లుడు. వంటల విషయంలో అభిప్రాయం చెప్పవచ్చు, ఓటు లేదు."

ఒక ప్రతి వియ్యంకుడికి.