కాంటా సారు

సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఇల్లు మొదలుపెట్టిండని తెలిస్తే, ఆ ఊరి ఇసుక ట్రాక్టరాయన ముందుగా తన ట్రాలీకి టేపు పెట్టి చూసుకుంటాడు. చౌటుప్పల్‌లో ఇప్పుడు అలాంటి సార్లకు కరువు లేదు. రీజినల్ రింగు రోడ్డు మాట పుట్టినప్పటి నుంచి హైవేకు అటూ ఇటూ ప్లాట్లు లేచాయి. జీపీఎఫ్ డబ్బులు చేతికొచ్చిన ప్రతి సారూ రెండు వందల గజాల్లో ఒక మహల్ కట్టాలని చూస్తున్నాడు. వాళ్లందరిలోంచి తలా ఒక గుణం తీసి కలిపితే తయారయ్యే మనిషిని ఇక్కడ కాంటా సారు అందాం.

కాంటా సారు ఇటుకలను లోడు లెక్కన తీసుకోడు, ఎంచి తీసుకుంటాడు. పగిలిన ఇటుక రెండు ముక్కలైతే దాన్ని సగానికే లెక్క కడతాడు. ఆ సగం ఏమిటో మేస్త్రీకి ఇప్పటికీ అర్థం కాలేదు. ఖాళీ సిమెంటు సంచులను పదింటికో కట్ట కట్టి, కట్టకో చీటీ గుచ్చుతాడు. చెక్కుబుక్కు కన్నా ఫిర్యాదుల ఫైలే లావుగా ఉంటుంది. జిల్లా మారి ఏళ్లు గడిచినా ఆయన లెటర్‌ప్యాడ్ మీద ఇంకా నల్లగొండ జిల్లా అనే ఉంటుంది, ఎందుకంటే పాతవి వెయ్యి కాగితాలు అచ్చేయించాడు, అవి అయిపోవాలి.

ఆయన బతుకులో రాసిన ఉత్తరాలన్నిటికీ తలమానికం, స్టీలు దుకాణం సేటుకు రాసిన ఉత్తరం.

దుకాణం పేరు మనకెందుకు, హైవే పక్కన ఉంది. సారు నాలుగు దుకాణాలు తిరిగి, నాలుగు రేట్లు డైరీలో రాసుకుని, అన్నిటికన్నా తక్కువ చెప్పిన చోట ఆర్డరిచ్చాడు. మిగతావాళ్లు కిలో అరవై అంటే ఈయన యాభై ఎనిమిదిన్నర అన్నాడు. పన్నెండు మీటర్ల సలాకలు, 8 ఎం.ఎం.వి 250, 12 ఎం.ఎం.వి 100, 16 ఎం.ఎం.వి 40. బిల్లు మీద మొత్తం బరువు 3,009 కిలోలు. కిలోకు రూపాయిన్నర మిగిలిందన్న సంతోషంలో సారు ఆ రాత్రి ఇంట్లో మిర్చిబజ్జీలు వేయించమన్నాడు.

మర్నాడు లోడు బయల్దేరింది. దుకాణం చీటీ నమ్మితే ఆయన కాంటా సారెందుకవుతాడు? బండిని బయటి కాంటా మీదికి తోలించాడు. కాంటా గదిలో గోడకున్న తనిఖీ సర్టిఫికెట్ మీద సెల్‌ఫోను లైటేసి తారీఖు చదివాడు. వే బ్రిడ్జికి తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి ముద్ర వేయాలి, అది సరిగానే ఉంది. అంకెలు పదేసి కిలోల మెట్లలోనే మారతాయని, పదిలోపు తేడా దానికి కనబడదని కూడా కనిపెట్టాడు. అన్నీ చూశాడు. లోడు బండి తూకం, సలాకలు దింపాక ఖాళీ బండి తూకం, రెండూ చీటీలు తీసుకున్నాడు. తీసివేస్తే 2,950 వచ్చింది. అంటే 59 కిలోలు తక్కువ.

ఆ సాయంత్రమే మొదటి ఉత్తరం తయారైంది. ఏడు పేజీలు. "ఆర్యా" అని మొదలై, తక్కెడ పట్టినవాడికి యమలోకంలో పడే శిక్షల మీదుగా నడిచి, 2009 నాటి తూనికలు కొలతల చట్టం 30వ సెక్షన్ దగ్గర కాసేపు ఆగి, 24 గంటల గడువుతో ముగిసింది. అడుగున ప్రతులు ఎవరెవరికి పంపుతున్నాడో రాశాడు. కలెక్టరుకు, తూనికల శాఖకు, వినియోగదారుల కమిషన్‌కు. ఏమనుకున్నాడో, సిమెంటు కంపెనీకి కూడా ఒకటి.

ఏడు పేజీల్లో లేనిది ఒక్కటే, ఏ లెక్కన కొన్నాడన్న ముక్క.

సేటు ఉత్తరం చదవలేదు, బరువు చూశాడు. "సారూ, సలాకలు ఎంచుకున్నరా?" అన్నాడు. సారు ఎంచాడు. 390కి 390 ఉన్నాయి. దారిలో ఎక్కడా దిగలేదు, దుకాణంలో తగ్గలేదు. సంఖ్య సరిపోయి తూకం తగ్గడమేమిటని సారు జుట్టు పీక్కుంటుంటే, ఉల్లిగడ్డలు తరుగుతూ వాళ్ల ఇంటావిడ అడిగింది.

"లోడు కాంటా పెట్టినప్పుడు మీరేడున్నరు?"

"బండ్లనే. డ్రైవర్ను కనిపెట్టాలె కదా."

"ఖాళీ బండి పెట్టినప్పుడు?"

సారు జవాబు చెప్పలేదు. అప్పుడాయన గదిలో నిలబడి అంకెలు రాసుకుంటున్నాడు. అంటే ఎనభై కిలోల లెక్కల సారు స్టీలుతో పాటు తూగి, స్టీలుతో పాటు దిగిపోయాడు. తగ్గింది 59 కాదు, 139. రెండో ఉత్తరంలో ఆయన ఈ సంగతి నిజాయితీగా రాశాడు, డాక్టరు దగ్గర తీసుకున్న తన బరువు చీటీ కూడా జత చేశాడు. సేటు ఆ చీటీని గల్లాపెట్టె అద్దం కింద పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "మీరు తిన్నది, తాగింది నాకెట్ల ఎర్కయితది సారూ? ఇంకోసారి తూకం పెడ్దామంటే మాలు దిగిపాయె" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. బండి కాంటాకు సాక్ష్యం ఒక్కసారే దొరుకుతుంది, ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దిగాలి, స్టెప్నీ టైరు కూడా రెండు తూకాలకూ ఉండాలి.

ఇక్కడే కాంటా సారు మామూలు గొడవదారుల నుంచి విడిపోతాడు. మామూలువాళ్లు ఇక్కడ అరుస్తారు, ఈయన కొలుస్తాడు.

సెంట్రింగ్ మేస్త్రీ చేత ఒక్కో సైజులో సరిగ్గా మీటరు ముక్క కోయించాడు. కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ తక్కెడ మీద, చింతపండు పొట్లం పక్కకు జరిపించి, ఒక్కొక్కటీ పెట్టించాడు. సలాక బరువుకు లెక్క సులువే. ఎం.ఎం.లో మందాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఆ లెక్కన 8 ఎం.ఎం. మీటరు 395 గ్రాములుండాలి, తక్కెడ 371 చూపింది. 12ది 888కి 852. 16ది 1,580కి 1,532. ఈ బరువులతో మొత్తం లోడు లెక్కేస్తే 2,870 కిలోలు తేలింది. బండి కాంటా లెక్కలోంచి సారును తీసేసినా అంతే. ఆ క్షణంలో ఆయన మొహం చూసిన కిరాణా కొట్టాయన, మనవడు పుట్టాడేమో అనుకున్నాడట.

గుట్టు తేలింది. సేటు ఇనుము తూచి అమ్మలేదు. సలాకలు ఎంచి, ఒక్కో సలాకకు చార్టులో ఉన్న బరువు వేసి, కిలోలుగా బిల్లు రాశాడు. 8 ఎం.ఎం. సలాక చార్టులో 4.74 కిలోలు, చేతికొచ్చింది నాలుగున్నరకు కొంచెం లోపు. సలాక సన్నగా రావడం కల్తీ కూడా కాదు. మిల్లులో సాగదీసేటప్పుడు అంత తేడా వస్తుందని ప్రమాణాలే ఒప్పుకున్నాయి. ఐ.ఎస్. 1786 ప్రకారం 10 ఎం.ఎం. దాకా నూటికి ఏడు, ఆపైన 16 దాకా నూటికి ఐదు అటో ఇటో ఉండొచ్చు. సారు సలాకల్లో 8ది ఆరు తగ్గింది, 12ది నాలుగు, 16ది మూడు. అన్నీ గీత లోపలే. అటో ఇటో అని రాసి ఉన్నా ఎప్పుడూ ఇటే ఎందుకుంటుందో అడగడానికి మిల్లు చాలా దూరం.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఇదే సలాకను తూచి కొంటే సన్నదనం కొనేవాడికి నష్టం కాదు. తూగినంతకే డబ్బు కడతాడు, పైగా కిలోకు కాస్త ఎక్కువ పొడవు వస్తుంది. ఎంచి, చార్టు బరువు వేసి కొంటేనే లేని ఇనుముకు డబ్బు పోతుంది. అందుకే తూచి అమ్మేవాళ్లు అరవై అన్నారు, ఎంచి అమ్మే సేటు యాభై ఎనిమిదిన్నర అన్నాడు. రేటు అడిగిన సారు, దేని మీద రేటో అడగలేదు.

"గట్లయితే నేను 139 కిలోలకు ఎనిమిది వేల పైన అడగొచ్చు" అని సారు పెన్ను తీశాడు.

"ఎట్లడుగుతరు? తూచి అమ్మెటాయన కాడ కొన్నా మీరు 2,870 కిలోలకు అరవై లెక్కన కట్టెటోళ్లే కదా" అన్నది ఇంటావిడ.

సారు వేశాడు. 2,870 ఇంటూ 60, లక్షా డెబ్బై రెండు వేల రెండు వందలు. తను కట్టింది లక్షా డెబ్బై ఆరు వేల ఇరవై ఆరు. నిజంగా పోయింది 3,826 రూపాయలు. ముప్పై ఏళ్లు పిల్లలకు లాభనష్టాలు చెప్పిన మనిషికి వంటింట్లోంచి లెక్క దిద్దుబాటు రావడం చిన్న దెబ్బ కాదు. ఆ రోజు ఆయన కూర బాగుందని రెండుసార్లు అన్నాడు.

మూడో ఉత్తరం ఒక్క పేజీ. యముడు లేడు, కలెక్టరు లేడు.

"సేటు గారికి. మీ దగ్గర నేను కొన్న ఇనుముకు మీరు కిలోల లెక్కన బిల్లు ఇచ్చినారు. పీసు లెక్క అని బిల్లులో ఎక్కడా లేదు. నోటితోనూ చెప్పలేదు. బిల్లు 3,009 కిలోలు, వచ్చినది 2,870. మీటరు ముక్కలు మూడు, వాటి తూకం చీటీ జత చేసినాను, మీరే మీ తక్కెడ మీద పెట్టి చూసుకోవచ్చు. సలాకలు నాసిరకమని నేననడం లేదు. తూచి అమ్మే దుకాణాల ఆనాటి రేటు 60తో పోల్చితే నాకు రావలసినది 3,826 రూపాయలు. పదిహేను రోజుల్లో ఇవ్వండి, లేదా స్లాబు లోడులో తగ్గించండి. లేనియెడల జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు."

సేటు ఈ ఉత్తరం పూర్తిగా చదివాడు. చదివి, లెక్కల పుస్తకం మూసి, చాయ్ తెప్పించాడు. ఏడు పేజీలకు నవ్వినవాడు ఒక పేజీకి చాయ్ తెప్పించాడంటే, భయపడింది చట్టానికి కాదు. ఆ మూడు ఇనుప ముక్కలు బల్ల మీద ఉన్నాయి, వాటిని ఎవరైనా తూచొచ్చు. "పీసు లెక్కని అందరికీ తెలుసు సారూ" అని గొణిగాడు. "అందరికీ తెలిస్తే రాయడానికి సిరా ఎంతయితది?" అన్నాడు సారు.

స్లాబు లోడు తూచి ఇవ్వాలని, అందులో 3,800 తగ్గించాలని ఒప్పందమైంది. మిగిలిన ఇరవై ఆరు రూపాయలకు సారు రసీదు మీద "బాకీ" అని రాసుకున్నాడు. స్లాబు లోడు కాంటా ఎక్కిన రోజు డ్రైవరు, క్లీనరు, మేస్త్రీ అందరినీ బండి దింపి, తను రోడ్డవతల నిలబడ్డాడు, గాలికి కూడా తూగకుండా.

సేటు మాత్రం ఊరుకోలేదు. ఆ వారంలోనే హైదరాబాద్ నుంచి ఒక రబ్బరు ముద్ర చేయించి తెచ్చాడు. ఇప్పుడు ఆ దుకాణం బిల్లు ప్రతిదాని మీదా, కిలోల అంకెకు పక్కనే, ఊదారంగులో "పీసు లెక్క, చార్టు బరువు" అని పడుతుంది. అక్షరాలు బియ్యపు గింజంత ఉంటాయి.

సారు భూతద్దం కొన్నాడు.