మార్పు సుంకం

మేనకోడలి పెళ్లి ముహూర్తం ఒకరోజు వెనక్కి జరిగింది. రూ.4,500 పెట్టి కొన్న హైదరాబాద్–ఢిల్లీ విమాన టికెట్ తేదీ మార్చబోయాం. కొత్త తేదీకి ధర రూ.3,900 మాత్రమే. ఆరువందలు చేతికొస్తాయనుకుంటే, మార్పు రుసుము రూ.3,000 కట్టమన్నారు! ధర పెరిగితే తేడా మనం కట్టాలట, తగ్గితే మాత్రం వాళ్లదేనట. ‘ఫేర్ రూల్స్ చదవలేదా సార్?’ అని దెప్పు కూడా.

చదివాం, చచ్చినట్టు. రద్దు చేసుకుంటే అసలు ఛార్జీ మొత్తం పోయినా, పన్నులు, విమానాశ్రయ రుసుములు వాపసు ఇవ్వాలన్నది డీజీసీఏ నిబంధన. మా టికెట్లో అవి రూ.1,000. పాతది వదిలేసి కొత్తది కొంటే నికరంగా పడేది రూ.2,900. మార్పు కంటే వంద తక్కువ! ‘మార్చు’ నొక్కేముందు ‘రద్దు’ లెక్క కూడా చూసుకోండి.