డ్రిప్పు మంచం దగ్గర వినబడే తప్పు సలహాలు

"నీరసంగా ఉన్నావు, ఒక గ్లూకోజ్ ఎక్కించుకో, లేచి కూర్చుంటావు." జ్వరం వచ్చి తగ్గినవాళ్లకీ, విరేచనాలతో నీరసించినవాళ్లకీ, ఆపరేషన్ అయిన మనిషికీ మన ఊళ్లలో ఇదే సలహా. సెలైన్ అయినా గ్లూకోజ్ అయినా బాటిల్‌లో కనబడేది తేటనీరే కాబట్టి, ఏది ఎక్కించినా ఒకటేనని చాలామంది అనుకుంటారు. కానీ బాటిల్ మారితే ఒంట్లో ఆ నీళ్లు చేరే చోటు మారిపోతుంది. మంచం చుట్టూ వినబడే సలహాలను పాటిస్తే ఆ నీళ్లు ఎక్కడ తేలతాయో చివరిదాకా వెంబడించి చూడాలి.

70 కిలోల మగమనిషి ఒంట్లో సుమారు 42 లీటర్ల నీళ్లుంటాయి. అందులో 28 లీటర్లు కణాల లోపల, 14 లీటర్లు కణాల బయట. ఆ 14లోనూ రక్తంలో ప్లాస్మాగా తిరిగేది మూడున్నర లీటర్లే, మిగతాది కణాల మధ్య సందుల్లో ఉంటుంది. కణం పొర నీళ్లను అటూ ఇటూ పోనిస్తుంది. సోడియం లోపలికి చొరబడినా కణం దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంది. అందుకే ఉప్పు బయటే నిలుస్తుంది, ఉప్పు ఎక్కడ చిక్కగా ఉంటే నీళ్లు అటు నడుస్తాయి. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగేది ఈ కారణంగానే. పొర దాటలేక ఒకవైపే ఉండిపోయే పదార్థానికి మాత్రమే నీళ్లను లాగే బలం ఉంటుంది. ఆ బలాన్నే టోనిసిటీ అంటారు.

"ఒంట్లో నీళ్లు తగ్గాయి కాబట్టి శుద్ధమైన నీళ్లే ఎక్కించవచ్చు కదా" అనేది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. ఉప్పు లేని నీళ్లు సిరలోకి వెళితే, సూది దగ్గరే ఎర్ర రక్తకణాలు నీళ్లు పీల్చి ఉబ్బి పగిలిపోతాయి. ఏ చిక్కదనం దగ్గర అవి పగలకుండా ఉంటాయో 19వ శతాబ్దం చివర్లో డచ్ శాస్త్రవేత్త హాంబర్గర్ పరీక్షించి చూశాడు. ఇవాళ్టి 0.9 శాతం సెలైన్ ఆ లెక్కకు సరిపోతుంది. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు. అంటే 154 మిల్లీమోల్స్ సోడియం, అంతే క్లోరైడ్. రెండూ కలిపితే 308 అవుతుంది, రక్తంలో ఉండేది సుమారు 290. ఆ దగ్గరితనం వల్ల కణం ఉబ్బదు, ముడుచుకోదు.

అసలు పొరపాటు తర్వాతి సలహాలో ఉంది. "5 శాతం డెక్స్ట్రోజ్ కూడా ఐసోటోనిక్కే, కాబట్టి రెండూ ఒకటే." బాటిల్‌లో ఉన్నంతసేపు ఈ మాట నిజమే. లీటరులో 50 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, దాని లెక్క 250 నుంచి 280 మధ్య వస్తుంది. అందుకే సిరలోకి దిగేటప్పుడు రక్తకణాలు పగలవు. కానీ ఉప్పులా గ్లూకోజ్ బయట ఆగిపోదు. ఇన్సులిన్ సాయంతో కణాల్లోకి వెళ్లి ఖర్చయిపోతుంది. గ్లూకోజ్ పోయాక రక్తంలో మిగిలేవి వట్టి నీళ్లు. సూది దగ్గర కణాలను పగలగొడతాయని భయపడ్డ నీళ్లనే గ్లూకోజ్ తోడుతో క్షేమంగా లోపలికి పంపినట్టయింది. అవి ఇప్పుడు ఒళ్లంతా పంచుకుపోతాయి.

ఆ పంపకం చూడండి. లీటరు సెలైన్ ఎక్కిస్తే అదంతా కణాల బయటే ఉంటుంది, అందులో దాదాపు పావు లీటరు రక్తంలో నిలుస్తుంది. లీటరు డెక్స్ట్రోజ్ ఎక్కిస్తే మూడింట రెండు వంతులు కణాల్లోకి పోతాయి, రక్తంలో నిలిచేది 80 మిల్లీలీటర్ల చిల్లర. కాబట్టి విరేచనాలతో బీపీ పడిపోయి, చేతులు చల్లబడిన మనిషికి గ్లూకోజ్ పెట్టడమంటే నాడి నిలబెట్టాల్సిన నీళ్లను చేజేతులా వేరే చోటికి పంపడమే. అక్కడ కావలసింది సెలైన్, లేదా రింగర్ లాక్టేట్.

"ఆపరేషన్ అయింది, నోటితో ఏమీ తీసుకోవడం లేదు, గ్లూకోజ్ ఆపకుండా పెట్టండి, బలం వస్తుంది." బంధువుల ప్రేమలోంచి వచ్చే సలహా ఇది, కానీ రెండు వైపులా తప్పు. ఒకటి, లీటరులో ఉన్న శక్తి 200 కేలరీలకు మించదు, దాన్ని భోజనం అనలేం. రెండోది అసలు ప్రమాదం. 50 కిలోల యువతిని అనుకుందాం. ఆమె ఒంట్లో నీళ్లు సుమారు 25 లీటర్లు, సోడియం లీటరుకు 138. ఆపరేషన్ తర్వాత నొప్పి, వికారం, మత్తుమందుల ప్రభావం కలిసి మెదడు నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తాయి. అది ఉన్నంతసేపు మూత్రపిండాలు అదనపు నీళ్లను సరిగ్గా వదలవు. ఒక రోజులో 3 లీటర్ల డెక్స్ట్రోజ్ ఎక్కించారు, అదంతా లోపలే నిలిచిపోయింది అనుకుంటే, 25 లీటర్లలో పరుచుకున్న లవణాలు ఇప్పుడు 28 లీటర్లలో పలచబడ్డాయి. 138ని 25తో గుణించి 28తో భాగిస్తే వచ్చేది 123. కొంత మూత్రం పోతుంది కాబట్టి నిజంగా అంత పడకపోవచ్చు. దారి మాత్రం అటే. మామూలు సోడియం 135 నుంచి 145.

కణాలన్నీ కొద్దిగా ఉబ్బుతాయి. కాలి కండరం ఉబ్బితే సర్దుకోవడానికి చోటుంది, పుర్రెలో ఉన్న మెదడుకు లేదు. మొదట తలనొప్పి, వికారం, వాంతి, తర్వాత మగత, పొంతన లేని మాటలు, ఆపైన ఫిట్స్. "మత్తు ఇంకా వదల్లేదు, నిద్రపోనివ్వండి" అనే సలహా ఇక్కడే ప్రాణం మీదికి తెస్తుంది. గ్లూకోజ్ నడుస్తున్న మనిషి ముందు రోజు కంటే మందకొడిగా ఉంటే వెంటనే రక్తం తీసి సోడియం చూడమని అడగాలి. పిల్లల్లో, నెలసరి ఆగని వయసు ఆడవాళ్లలో ఈ మెదడు వాపు ఎక్కువ నష్టం చేస్తుంది. ఈ కారణంగానే 2018లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఆసుపత్రిలో ఉన్న పిల్లల్లో చాలామందికి ఐసోటోనిక్ ద్రవమే వాడాలని మార్గదర్శకం ఇచ్చింది.

పిల్లలకు చక్కెర కూడా అవసరమైతే సెలైన్‌లోనే డెక్స్ట్రోజ్ కలిపిన డీఎన్ఎస్ ఉంది. బాటిల్ మీది లెక్క చూస్తే రక్తానికి దాదాపు రెట్టింపు చిక్కదనం కనిపిస్తుంది. దాన్ని చూసి "ఇది ఘాటు, నీళ్లు కలిపి ఇవ్వండి" అనడం కూడా తప్పే. గ్లూకోజ్ ఖర్చయ్యాక మిగిలేది మామూలు సెలైన్. బాటిల్ మీద రాసిన లెక్క వేరు, ఒంట్లో నిలిచే లెక్క వేరు.

డెక్స్ట్రోజ్‌కు పనే లేదని కాదు. సరిపడా నీళ్లు తాగలేక సోడియం 150 దాటిన వృద్ధుడికి కణాల్లోకి పోయే నీళ్లే కావాలి, అప్పుడు అదే సరైన బాటిల్. కానీ రక్తం ఎక్కుతున్న గొట్టంలో మాత్రం దాన్ని కలపకూడదు. గ్లూకోజ్ ఎర్రకణాల్లోకి దూరి, వెంట నీళ్లనూ లాక్కుపోతుంది. కణాలు గుత్తులు కట్టి పగులుతాయి. రక్తంతో పాటు సెలైన్ ఒక్కటే.

చివరిగా, సోడియం పడిపోయిందని తెలిశాక వచ్చే సలహా: "ఉప్పు తగ్గింది కదా, ఇవాళే మామూలు చేసెయ్యండి." ఫిట్స్ వస్తుంటే డాక్టర్లు 3 శాతం సెలైన్‌ను 100 లేదా 150 మిల్లీలీటర్లు త్వరగా ఇస్తారు. సోడియం నాలుగైదు మెట్లు పెరిగినా మెదడు వాపు దిగుతుంది. అక్కడ ఆగాలి. రెండు రోజులకు పైగా తక్కువ సోడియానికి అలవాటుపడ్డ మెదడు తన లోపలి లవణాలను వదిలేసి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా చిక్కటి రక్తంలో ముంచితే నరాల పైపొర దెబ్బతిని, కొన్ని రోజుల తర్వాత మాట, మింగడం, కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. అందుకే 24 గంటల్లో 8 నుంచి 10 మిల్లీమోల్స్‌కు మించి పెరగకుండా, కొన్ని గంటలకోసారి రక్తం తీసి చూస్తూ ఉంటారు.